ఇంటి ఓనరు పోతే అద్దె ఎవరి చేతిలో పెట్టాలి?

సంపాదకుడు గారికి,

ఇంటి ఓనరు చనిపోతే ఆయన రాసిచ్చిన అద్దె అగ్రిమెంటు కూడా అక్కడితో అయిపోయినట్టే అని చాలామంది అనుకుంటారు. మా ఓనరు గారి పెద్దబ్బాయీ అలాగే అనుకున్నాడు. పెద్దకర్మ అయిన మర్నాడే వచ్చి, "మీరు రాసుకున్నది నాన్నతో, ఇప్పుడు ఆయన లేరు, నెలాఖరుకి ఖాళీ చేసేయండి" అన్నాడు. మరి మా 36 వేల అడ్వాన్సు మాటేమిటి బాబూ అంటే, "అదీ నాన్నకే ఇచ్చారు కదా" అన్నాడు. ఇల్లయితే వారసత్వంగా వస్తుందట, అడ్వాన్సు బాకీ మాత్రం రాదట!

ఆ రాత్రి బీరువాలోంచి స్టాంపు పేపరు తీసి మొదటిసారి పూర్తిగా చదివాను. పదకొండు నెలల అగ్రిమెంటు, అప్పటికి అయిదు నెలలు గడిచాయి. పై పేరాలోనే ఉంది, "ఇంటి యజమాని" అంటే ఆయన వారసులు కూడా అని. సంతకం పెట్టేటప్పుడు అద్దె, అడ్వాన్సు అంకెలు తప్ప ఇంకేం చూశాం? ఆ వాక్యం లేకపోయినా తేడా ఉండదని తెలిసిన లాయరు గారు చెప్పారు. ఓనరు స్థానంలోకి వారసులు వస్తారు, అద్దె అదే, గడువు అదే, షరతులు అవే. అడ్వాన్సు కూడా ఆయన వదిలి వెళ్లిన ఆస్తిలోంచి వారసులు తిరిగివ్వాల్సిందే. అలాగని మాకు శాశ్వత హక్కేమీ లేదు. ఖాళీ చేయించాలంటే రెండు నెలల ముందు చెప్పాలని మా అగ్రిమెంటులో ఉంది, ఆ షరతు వాడుకునే వీలు వాళ్లకూ ఉంది. నెలాఖరు అనడానికి మాత్రం లేదు.

అసలు టెన్షన్ అద్దె దగ్గర మొదలైంది. ఎప్పటిలా ఆయన ఖాతాకి పంపితే డబ్బు వెనక్కి వచ్చింది. పెద్దబ్బాయి తనకే ఇమ్మంటాడు, కూతురు ఫోన్ చేసి "అన్నయ్యకి మొత్తం ఇస్తే ఊరుకోను" అంటుంది, చిన్నబ్బాయి ఫోనే ఎత్తడు. ఇన్నాళ్లూ జీపీఏ మీద అద్దె వసూలు చేసిన బంధువు ఒకాయన ఆ కాగితం చూపించి నాకివ్వండి అన్నాడు. ఇది అందరూ తెలుసుకోవాలి: మామూలు జీపీఏ దాన్ని రాసిచ్చిన మనిషి చనిపోగానే చెల్లదు, అప్పటినుంచి దానితో అద్దె అడగడానికి లేదు.

గొడవ తేలేదాకా అద్దె ఆపేద్దాం అనిపించింది. ఆ పని చేసి ఉంటే పెద్ద పొరపాటయ్యేది. అద్దె బకాయి పెట్టడమంటే ఖాళీ చేయించడానికి మనమే కారణం చేతికిచ్చినట్టు. లాయరు గారి సలహా మీద ముగ్గురికీ ఒకటే ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపాను. అద్దె సిద్ధంగా ఉంది, వారసులందరూ కలిసి సంతకం చేసి ఏ ఖాతాలో వేయమంటే అందులో వేస్తాను, అంతవరకు విడిగా ఉంచుతాను అని. వాళ్లు ఎంతకీ తేల్చకపోతే, రెంట్ కంట్రోల్ చట్టం వర్తించే ఇంటికి రెంట్ కంట్రోలర్ దగ్గర, లేదంటే సివిల్ కోర్టులో అద్దె జమ చేసుకోవచ్చట. వీలునామా ఉందంటే దాని కాపీ అడగాలి. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ చూస్తే ఎవరెవరున్నారో తెలుస్తుంది గానీ ఇల్లు ఎవరిదో అది తేల్చదు.

ఆ సర్టిఫికెట్ చూశాకే నాకు వెలిగింది, ముగ్గురూ తల్లిని లెక్కలోనే వేసుకోలేదు. వీలునామా రాయకుండా పోయిన హిందువు స్వార్జితం ఇంట్లో, 1956 వారసత్వ చట్టం ప్రకారం కొడుకులతో, కూతురితో సమానంగా భార్యకూ వాటా ఉంటుంది. మా ఓనరు గారి తల్లి ముందే పోయారు కాబట్టి ఇంట్లో నాలుగో వంతు ఈవిడదే. నాలుగో ఉత్తరం ఆవిడకి పంపాను. రెండు వారాల్లో నలుగురి సంతకాలతో కాగితం వచ్చింది, అద్దె అమ్మ ఖాతాలో వేయమని. అడ్వాన్సు 36 వేలు తమ బాధ్యతేనని అందులోనే రాయించుకున్నాను. గడువయ్యాక కొత్త కాగితం రాసుకోలేదు. అద్దె తీసుకుంటూనే ఉన్నారు కనుక ఇప్పుడు నెలవారీ అద్దెదారులం, 15 రోజుల నోటీసు చాలు. త్వరగా కొత్తది రాసుకోవాలి.

అద్దెకున్నవాళ్ల తప్పులూ ఉన్నాయి. ఓనరు పోయాడు, పిల్లలు ఎక్కడో ఉన్నారు, ఇంక ఎవరికీ కట్టనవసరం లేదనుకునే మహానుభావులను చూశాను. వారసుల హక్కు కాదంటే అదే వాళ్ల మెడకు చుట్టుకుంటుంది.

అగ్రిమెంట్లు రాసే డాక్యుమెంట్ రైటర్లకు మీ పత్రిక ద్వారా ఒక మనవి. "యజమానికి ఏమైనా అయితే, వారసులు కలిసి వేరేగా రాసిచ్చే వరకు అద్దె ఈ ఖాతాలో వేయాలి" అని ఒక వాక్యం చేర్చి, ఆ ఖాతా నంబరు అడిగి రాయండి. దానితో ఇంటి మీద ఎవరి హక్కూ మారదు గానీ, అద్దెదారు ఎవరి పక్షమూ కాదని చూపించుకోవడానికి కాగితం ఉంటుంది.

— ఒక అద్దెదారు