అంకెతో పాటు నిర్వచనం కూడా అచ్చు వేయండి

సంపాదకుల వారికి,

నిరుద్యోగం తగ్గిందా లేదా అని మీ పేజీల్లో నడుస్తున్న చర్చ చదువుతున్నాను. రెండు పక్షాలూ శాతాల మీదే కొట్లాడుకుంటున్నాయి గానీ, 'నిరుద్యోగి' అన్న మాటకు అర్థం ఖాయం చేసిన రోజే సగం వాదన తేలిపోయిందన్న సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

అధికారిక లెక్కల్లో నిరుద్యోగి అంటే పని లేనివాడు అని మాత్రమే కాదు. పని దొరికితే చేరడానికి సిద్ధంగా ఉండాలి, మామూలుగా గత 4 వారాల్లో పని కోసం ప్రయత్నించి కూడా ఉండాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రమాణం ప్రకారం సర్వే వారంలో ఒక్క గంట డబ్బుకు పనిచేసినా పని ఉన్నట్టే లెక్క.

ఒక 100 మందిని ఊహించుకోండి. 60 మందికి పని ఉంది, 8 మంది వెతుకుతున్నారు, 12 మందికి పని కావాలి గానీ తిరిగి తిరిగి విసిగిపోయి మానేశారు, మిగతా 20 మందికి పని అక్కర్లేదు. రేటు కట్టేటప్పుడు మొదటి 68 మందినే తీసుకుంటారు కాబట్టి 68లో 8, అంటే దాదాపు 11.8 శాతం. మరుసటి నెల ఆ 8 మందిలో ముగ్గురు ఆశ వదులుకుని వెతకడం ఆపేశారనుకోండి. ఇప్పుడు 65లో 5, అంటే 7.7 శాతం. ఒక్కరికి కూడా కొత్తగా పని దొరకలేదు, అయినా రేటు పడిపోయింది! పని కావాలనుకునే వాళ్ళందరినీ కలిపితే మాత్రం రెండు నెలల్లోనూ 80లో 20, అంటే 25 శాతమే.

ఇందులో మోసం ఉందని నేను అనను. ఒక పనికోసం 'ఈ మాటను ఈ అర్థంలో వాడతాం' అని పెట్టుకున్న నిర్వచనం తప్పూ కాదు, ఒప్పూ కాదు, అది ఒక ఒప్పందం. దేశాల లెక్కలు పోల్చాలంటే అది కావాలి కూడా. చిక్కు ఎక్కడంటే, లెక్క ఆ ఇరుకు అర్థంలో కట్టి, 'కాబట్టి జనానికి పనులు దొరుకుతున్నాయి' అని మనందరి మామూలు అర్థంలో తీర్పు చెప్పడంలో.

రెండో రకం చిక్కు ఇంకా ప్రమాదం. 'నిజమైన నిరుద్యోగి రోజూ తలుపులు తట్టేవాడు, మిగతావాళ్ళు సోమరులు' అని మొన్న ఒకాయన రాశారు. ఇది ఒప్పందం కాదు, మాటకున్న జాలిని అలాగే ఉంచి అది ఎవరికి దక్కాలో మార్చేయడం. చార్లెస్ స్టీవెన్సన్ అనే తత్వవేత్త 1938లోనే దీన్ని ఒప్పించే నిర్వచనం అన్నాడు. 'నిజమైన', 'అసలైన' అన్న మాటలు కనబడితే అక్కడ ఆగి చూడాలి.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. వాక్యంలో ఆ మాట తీసేసి దాని నిర్వచనం పెట్టి చదవండి: 'గత 4 వారాల్లో వెతికినా వారంలో గంట పని కూడా దొరకని వాళ్ళ వాటా తగ్గింది, కాబట్టి జనానికి పనులు దొరుకుతున్నాయి.' ఆ 'కాబట్టి' నిలబడదు, ఎందుకంటే వాళ్ళు వెతకడం మానేసి ఉండొచ్చు.

నేను అడిగేది ఒకటే. ఇకపై నిరుద్యోగ రేటు వేసినప్పుడు దాని కిందే ఒక్క లైన్లో నిర్వచనం, ఆ పక్కనే వెతకడం మానేసిన వాళ్ళ సంఖ్య కూడా వేయండి.

మీ పాఠకుడు