డిప్రెషన్ పర్సంటేజీ సరే, ప్రశ్నలు ఎంతమందికి అర్థమయ్యాయి?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం జిల్లా పేజీలో మా మండలంలో జరిగిన డిప్రెషన్ స్క్రీనింగ్ క్యాంపు వార్త వేశారు. ఆ రోజే రాద్దామని, కోపం తగ్గాక రాస్తే మంచిదని ఆగాను, అది తగ్గేలా లేదు. హెడ్డింగులో ఇంతమందికి డిప్రెషన్ అని పెట్టిన పర్సంటేజీ నేను మళ్లీ ఇక్కడ రాయను, ఇప్పటికే వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగేసింది. నా బాధంతా లోపల ఉన్న ఒక్క వాక్యం గురించి: "శాస్త్రీయంగా తెలుగులోకి అనువదించిన ప్రశ్నావళి" అని ఆఫీసరు గారు సెలవిచ్చారు, మీరు అచ్చేశారు. శాస్త్రీయంగా అంటే ఏం చేశారు సార్ అని మీ రిపోర్టరు ఒక్క మాట అడిగుంటే ఈ లేఖ అవసరమే ఉండేది కాదు.

వాళ్లు వాడింది డిప్రెషన్ ఉందేమో చూసే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల్లో ఇది మిమ్మల్ని ఎన్ని రోజులు బాధపెట్టింది అని అడుగుతారు, అసలు లేదంటే 0, కొన్ని రోజులంటే 1, సగం కంటే ఎక్కువ రోజులంటే 2, దాదాపు రోజూ అంటే 3. మొత్తం 27, పది గానీ ఆపైన గానీ వస్తే అనుమానించాలి. ఈ పది అనే గీత 2001లో అమెరికా క్లినిక్కుల్లో, ఇంగ్లీషులో అడిగి, కొంతమందిని నిపుణులు విడిగా ఇంటర్వ్యూ చేసి, రెండూ పోల్చి తేల్చింది. అదే గీత తెచ్చి నాట్ల సీజన్లో మా ఆడవాళ్ల మీద పెట్టాలంటే మధ్యలో బోలెడు పని ఉంటుంది. నేను గతంలో ఇలాంటి సర్వేల్లో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా పనిచేశాను కాబట్టి ఆ పనేంటో తెలుసు.

మొదట ఇద్దరు విడివిడిగా తెలుగు చేస్తారు, కూర్చుని ఒకటిగా కలుపుతారు. తర్వాత ఇంగ్లీషు ఒరిజినల్ చూడని మనిషి ఆ తెలుగుని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తాడు, దీన్నే బ్యాక్ ట్రాన్స్‌లేషన్ అంటారు, రెండు ఇంగ్లీషులూ పక్కపక్కన పెట్టి తేడాలు చూస్తారు. మంచి పద్ధతే, ఒక మాట వదిలేసినా, అర్థం తిరగబడినా దొరికిపోతుంది. కానీ తిరిగి మార్చేవాడు బాగా చదువుకున్నోడు. "నిరాశా నిస్పృహలకు లోనగుట" అని రాసినా చక్కగా అసలు ఇంగ్లీషు మాటే రాసిస్తాడు. రెండూ సరిపోయాయని కమిటీ సంతకాలు పెట్టేస్తుంది. మధ్యలో ఉన్న తెలుగు ఎవడికీ అర్థం కాదన్న సంగతి ఆ కాగితాల్లో ఎక్కడా కనపడదు. ఇక తిరిగి మార్చేవాడికి పీహెచ్‌క్యూ ముందే తెలిసుంటే ఆ పరీక్షకి అర్థమే లేదు.

అందుకే దాని తర్వాత, ప్రశ్న జనానికి ఎలా అర్థమవుతోందో చూసే కాగ్నిటివ్ ఇంటర్వ్యూలు చేయాలి. మన క్యాంపువాళ్లు ఎగ్గొట్టింది ఇదే. ఎలా తెలుసంటారా, నేనూ ఆ క్యాంపుకెళ్లాను, టేబుల్ దగ్గర అమ్మాయిని అడిగాను, "ట్రైనింగులో షీట్లు పంచారండీ, అలాగే చదవమన్నారు" అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు.

ఈ ఇంటర్వ్యూల్లో స్కోరు కోసం అడగం. ప్రశ్న చదివి, జవాబొచ్చాక, ఇప్పుడు నేనడిగింది మీ మాటల్లో చెప్పండమ్మా అంటాం. రెండు వారాలంటే ఏ రోజు నుంచి లెక్కేశారు, ఆ జవాబు చెప్పేటప్పుడు ఏం గుర్తొచ్చింది అని అడుగుతాం. కొద్దిమందితో ఇలా కూర్చుని, తడబడినచోట ప్రశ్న మార్చి, మళ్లీ వేరే కొద్దిమంది దగ్గరికెళ్తాం. చదువు లేనివాళ్లు, ముసలివాళ్లు, మగవాళ్లు, అందరూ ఉండాలి. పక్కన అత్తగారు మాత్రం ఉండకూడదు.

ఒక ఉదాహరణ చెప్తాను, ఇలాంటివాళ్లు ఫీల్డులో కోకొల్లలు. కూలికెళ్లే ఒకామెని నిద్ర సంగతి అడిగితే "నిద్దరెక్కడిదమ్మా" అంటుంది. దాదాపు రోజూ, మూడు. అలసట? మూడు. ఆకలి? రెండు. ధ్యాస నిలవకపోవడం? ఇంగ్లీషులో ఈ ప్రశ్నకి పేపరు చదవడం, టీవీ చూడటం అని ఉదాహరణలున్నాయి, ఆమెకి చదువు రాదు, టీవీ చూసే తీరిక లేదు, ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి "చూడలేనమ్మా" అంది, రెండు వేశారు. మొత్తం పది. మొదటి రెండు ప్రశ్నలు, అంటే దేనిమీదా ఆసక్తి లేకపోవడం, మనసు దిగులుగా ఉండటం, రెండిటికీ సున్నా. డిప్రెషన్‌కి ముఖ్యమైనవి ఈ రెండే, మేజర్ డిప్రెషన్ అని లెక్కగట్టాలంటే వీటిలో ఒక్కటైనా సగం రోజులు దాటి ఉండాలని ఆ ప్రశ్నావళి తయారుచేసినవాళ్లే పెట్టుకున్నారు. మన క్యాంపులో మొత్తం మాత్రమే చూశారు. అదే ఆమెని ఎందుకమ్మా నిద్ర లేదని అడిగితే, తెల్లారుజామున మూడింటికి లేచి వండి నాట్లకి పోవాలి కదా అంటుంది. ఎన్ని రోజులంటే తెల్లబోతుంది, ఆమె చెప్పింది ఎంత కష్టంగా ఉందో, రోజుల లెక్క కాదు. "సగం కంటే ఎక్కువ రోజులు" దగ్గర చాలామంది ఇలాగే చేస్తారు. ఈమె విషయంలో తప్పు భాషలో లేదు, బ్యాక్ ట్రాన్స్‌లేషన్ వందసార్లు చేసినా దొరకదు. ఇవాళ ఆదివారం సంతైతే, అటుపోయిన సంత నుంచి పోయిన సంత దాకా, మళ్లీ ఇవాళ్టి దాకా అని గుర్తుపెట్టి ఏ రోజులో వేళ్ల మీద లెక్కపెట్టించాలి, అప్పుడు చూడండి జవాబులు ఎలా మారతాయో.

అలాగని ఒళ్లు నొప్పులు, నిద్ర చెప్పేవాళ్లందరికీ ఏమీ లేదని కొట్టేయకూడదు. మన దగ్గర దిగులు ఒంటి మీదనుంచే బయటికొచ్చే మనుషులు ఎక్కువ, ఎవరు ఎటువైపో తేల్చడానికే జవాబొచ్చాక ఎందుకమ్మా అని మళ్లీ అడగాలి.

తొమ్మిదో ప్రశ్న ఇంకా ఘోరం. చచ్చిపోతే బాగుండును అనిపించిందా అని. మన ఊళ్లలో పొద్దున లేస్తే పదిసార్లు నాకు చావైనా రాదే అనుకునేవాళ్లున్నారు, అది విసుగా నిజంగానా అన్నది అడిగి తీరాలి, ఎవరైనా అవునన్నాక వదిలేసి తర్వాతి టోకెన్ పిలవడం కుదరదు. క్యాంపులో పిలిచారు. నా ముందే. ఒక డాక్టరు గదిలోకి పంపలేదు, మనసు బాధలకి సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416 చీటీ రాసివ్వలేదు. లెక్కలో ఒక అంకె పెరిగింది, అంతే.

అయినా మన ఆఫీసుల తెలుగు సంగతి కొత్తగా చెప్పాలా. కరెంటు బిల్లు వెనకాల రాతలు, రేషన్ నోటీసులు, "తగు చర్యలు గైకొనబడును" లాంటివి, రాసినోడికే రెండోసారి చదివితే అర్థం కావు. అక్కడంటే పోనీలే, పక్కింటి పిల్లాడి చేత చదివించుకుంటాం. ఇక్కడ ఆ భాషలో అడిగి, ఊళ్లో ఆడవాళ్లకి పిచ్చి అని పేరొచ్చేలా చేశారు. ఎవరికి ఏ జబ్బు ముప్పుందో చూడటానికి ఆశా వర్కర్లు నింపే సీబాక్ ఫారంలో కూడా ఈ ప్రశ్నావళిలోని మొదటి రెండు ప్రశ్నలు ఉన్నాయి, వాళ్లకి వాటిని ఎలా అడగాలో ఎంతసేపు చెప్తున్నారో కనుక్కోండి, మంచి వార్తవుతుంది.

నేనడిగేది పెద్దదేం కాదు. ఆ ప్రశ్నావళి తెలుగు ఎవరు చేశారు, ఎవరితో కూర్చుని పరీక్షించారు, ఏ ప్రశ్న ఎందుకు మార్చారు, పది అనే గీత తెలుగువాళ్లకి సరిపోతుందని ఏ డాక్టరు ఇంటర్వ్యూలతో పోల్చి చూశారు, ఈ నాలుగూ ఆఫీసరు గారిని అడిగి మీ పేపర్లో వేయండి. జవాబు రాకపోతే రాలేదనే వేయండి, అదే హెడ్డింగు సైజులో.

ఇట్లు,
ఒక పాత ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్, మీ పాఠకురాలు