జ్వరం సెలవుకు రెండు మెసేజీలు

సంపాదకులకు,

తిరుపతి లాడ్జీల్లోనైనా, రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లోనైనా ఇప్పుడు సెలవు అడిగేది వాట్సాప్‌లోనే. "సార్, ఒంట్లో బాలేదు, రాలేను" అని ఒక ముక్క పెట్టి ఫోన్ పక్కన పడేస్తారు. దానితో మేనేజరు షిఫ్టు సర్దుకోలేడు. నెలాఖరున జీతం కోత పడితే మనకూ అది అక్కరకు రాదు.

ఆదివారం రాత్రి జ్వరం మొదలైంది, సోమవారం ఆరింటికి షిఫ్టు అనుకుందాం. ఐదు లోపే ఇలా పెట్టాలి: "సార్, రాత్రి నుంచి 102 జ్వరం, ఒళ్లు నొప్పులు, దగ్గు. ఈరోజు షిఫ్టుకు రాలేను. డాక్టరుకు చూపించుకుని, ఎన్ని రోజులు కావాలో మధ్యాహ్నానికి చెబుతాను. స్టోర్ తాళాలు సెక్యూరిటీ దగ్గర ఉన్నాయి." చూపించుకున్నాక రెండోది: "డాక్టరు ఫ్లూ అన్నారు. సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు రోజులు సిక్ లీవు ఇవ్వగలరు. సర్టిఫికెట్ ఫొటో పెడుతున్నా, ఒరిజినల్ శుక్రవారం తెస్తాను."

రెండుగా ఎందుకంటే, డాక్టరును కలవకముందు చెప్పే రోజుల లెక్క ఊహే. మెసేజీలో మూడు రోజులు, సర్టిఫికెట్లో నాలుగు ఉంటే ఆ తేడా దగ్గరే పేచీ మొదలవుతుంది.

చాలామంది ఓపీ చీటీనే సర్టిఫికెట్ అనుకుని పంపేస్తారు. అందులో మందులుంటాయి గానీ విశ్రాంతి రోజులుండవు. జబ్బు పేరు, ఏ తేదీ నుంచి ఎన్ని రోజులు పనికి దూరంగా ఉండాలి, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, రోగి సంతకం ఉన్నదే సర్టిఫికెట్. మూడో రోజు వెళ్లి మొదటి రోజు తేదీ వేయమంటే నిక్కచ్చి డాక్టరు వేయడు, వేయకూడదు కూడా. మొదటి రోజే వెళ్లడం మేలు.

ఈఎస్ఐ ఉన్నవారు ఇంకొకటి చూసుకోవాలి. అక్కడి నగదు సాయానికి ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ కావాలి. వీధి చివర క్లినిక్ చీటీతో పని జరగదు. ఈఎస్ఐ చందా కట్టిన రోజులు సరిపోయినవారికి సగటు రోజు వేతనంలో 70 శాతం వస్తుంది, కానీ మామూలుగా మొదటి రెండు రోజులకు రాదు. పై లెక్కలో సోమ, మంగళవారాలు కంపెనీ సెలవులోంచి పోవాల్సిందే.

పారాసెటమాల్ వేసుకోకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే పనికి రావాలి. గురువారం సాయంత్రానికీ తగ్గకపోతే అప్పుడే డాక్టరును మళ్లీ కలిసి పొడిగింపు అడగాలి, శుక్రవారం షిఫ్టు బెల్లు మోగాక కాదు.

కొందరు మేనేజర్లు "వచ్చి కనిపించి వెళ్లు" అంటారు. ఫ్లూ లక్షణాలకు ఒక రోజు ముందు నుంచి, మొదలయ్యాక దాదాపు వారం దాకా అంటుతుంది. ఒకరిని రప్పిస్తే లైన్లో నలుగురు పడకేస్తారు. ఎవరికి మెసేజీ పెట్టాలి, ఎన్ని గంటల లోపు, ఎన్నో రోజు నుంచి సర్టిఫికెట్ తప్పనిసరి అనే మూడు సంగతులు యజమానులు నోటీసు బోర్డులో తెలుగులో అంటించాలని, కార్మిక శాఖ తనిఖీలో దాన్నీ చూడాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, తిరుపతి