తుమ్మితే చుక్క పడుతోందన్నావు కదా బిడ్డా

బిడ్డా,

మొన్న ఫోన్లో మాట్లాడుతుంటే నీకు తుమ్ము వచ్చింది, కాసేపు చప్పుడు లేదు, తర్వాత నవ్వుతూ "అమ్మా, తుమ్మితే ఒక చుక్క మూత్రం పడుతోంది, ఐదో నెలకే ఇట్లుంటే తొమ్మిదో నెల దాకా ఎట్లా" అన్నావు. నేనేమో "అందరికీ అంతే" అని మాట మార్చేశాను. పక్కన మీ బాపు కూర్చుని ఉన్నాడు, వాకిట్లో మీ పెద్దమ్మ పప్పు చెరుగుతోంది, ఇంకేం చెప్పను? కానీ రాత్రంతా అదే మెదిలింది. నాకూ మా అమ్మ ఇదే మాట చెప్పింది, ఆ మాట పట్టుకుని నేను పదేళ్లు పడ్డాను. అందుకే రాస్తున్నా, తలుపు వేసుకుని తీరిగ్గా చదువు.

నీ తమ్ముడు పుట్టినప్పుడు రెండు గంటల పైన ముక్కాను. తర్వాత బాలింత పథ్యాలన్నీ చేశారు కానీ కింద కండరాల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. అప్పుడు మన నల్లగొండలో ట్యాంకర్ వస్తే బిందెలు మోయక తప్పదు కదా, బిందె ఎత్తినప్పుడల్లా తడి. బతుకమ్మ ఆడేటప్పుడు వంగి చప్పట్లు కొడుతుంటే తడి. నేను ముదురు రంగు చీరలే ఎందుకు కట్టేదాన్నో నువ్వు ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఒకచోట చూపించుకుంటే గర్భసంచి తీసేస్తే పోతుందన్నారు. దగ్గితే మూత్రం పడటానికి గర్భసంచి తీయడం మందు కాదని తర్వాత తెలిసింది, ఆ రోజు డబ్బులు సర్దుబాటు కాకపోవడమే నా అదృష్టం.

తర్వాత ఫోన్లో ఎవరో ఆ కింద కండరాలను బిగించి వదిలే కెగెల్ వ్యాయామం చెప్తుంటే చూసి మొదలుపెట్టాను. కెగెల్ అంటే ఏదో ఆసనం పేరు కాదు, ఈ వ్యాయామాన్ని 1948లో రాసి ప్రచారంలోకి తెచ్చిన అమెరికా డాక్టరు పేరు. రోజూ ఊపిరి బిగబట్టి, పళ్లు కరిచి, వంద సార్లు చేశాను. మూడు నెలలకు తగ్గలేదు సరికదా, సాయంత్రమయ్యేసరికి కింద బరువుగా, ఏదో జారుతున్నట్లు అనిపించేది. చివరికి హైదరాబాద్‌లో ఒక ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి వెళ్తే, చెయ్యి పెట్టి చూసి ఒక్క నిమిషంలో చెప్పింది: "అమ్మా, మీరు పైకి లాగట్లేదు, కిందికి తోస్తున్నారు." మొదటిసారి చేసే ఆడవాళ్లలో చాలామంది ఇదే పొరపాటు చేస్తారట, చూసి చెప్పేవాళ్లు ఉండరు కాబట్టి తెలియదు అంది. నేను నీకు చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే. చెయ్యకపోవడం కంటే తప్పుగా చేయడం ఎక్కువ నష్టం చేస్తుంది, నేను చేసి చూశాను.

అసలు అక్కడ ఏముందో చెప్తా. మన పాత నులక మంచం గుర్తుందా, ముందు నుంచి వెనక్కి తాడు అల్లి ఉంటుంది, ఎవరైనా కూర్చుంటే కొంచెం దిగి మళ్లీ లేస్తుంది. మన అడుగున కూడా ముందు ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా అట్లాంటి కండరాల అల్లిక ఉంటుంది, డాక్టర్లు పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రాశయం, గర్భసంచి, మలం వచ్చే దారి, మూడూ దాని మీదే ఆనుకుని ఉంటాయి. నెలలు నిండుతున్న కొద్దీ బరువు పెరుగుతుంది, పైగా గర్భంలో ఊరే హార్మోన్లు ఆ అల్లికను మెత్తబరుస్తాయి. తుమ్మినప్పుడు పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా కిందికి దిగుతుంది, కండరం ఆ క్షణంలో మూత్రనాళాన్ని పట్టి ఉంచలేకపోతే చుక్క పడుతుంది. నీకు జరుగుతున్నది ఇదే. పెద్దాపరేషన్ అయితే ఈ బాధ ఉండదు కదా అని మీ అత్తమ్మ అనొచ్చు, కానీ తొమ్మిది నెలల బరువు ఎవరికైనా బరువే కదా.

ఇప్పుడు చేసే తీరు. నీ మంచం మీద ఎడమ పక్కకు తిరిగి పడుకో, మోకాళ్లు మడిచి మధ్యలో దిండు పెట్టుకో. పడుకున్నప్పుడు కండరం మీద బరువు తక్కువ కాబట్టి మొదట దొరకడం సులువు. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టు. ముందు ఊపిరి మామూలుగా పీల్చి వదులు, వదులుతూ ఉండగా మలద్వారాన్ని నలుగురిలో గ్యాస్ ఆపుకుంటున్నట్లు మూసి, ఆ బిగువును అట్లాగే ముందుకు, మూత్రం ఆపుకునే చోటి దాకా తెచ్చి, మొత్తాన్ని లోపలికీ పైకీ లాగు. నా ఫిజియో అమ్మాయి "కుంకుడు గింజను లోపలికి పీల్చుకున్నట్లు" అని చెప్పింది, నవ్వొచ్చింది కానీ అప్పుడే అర్థమైంది. పిరుదులు బిగియకూడదు, తొడలు దగ్గరికి రాకూడదు, ఊపిరి ఆగకూడదు, పొట్ట మీది చెయ్యి బయటికి నెట్టుకు రాకూడదు. పొట్ట ఉబ్బినట్లు తెలిసిందంటే నాలాగే తోస్తున్నావన్నమాట. ఇంకా అనుమానముంటే స్నానం చేసేటప్పుడు యోనిద్వారానికీ మలద్వారానికీ మధ్యలో వేలు ఆనించి బిగించి చూడు, ఆ చోటు వేలి నుంచి లోపలికి పోవాలి, వేలి మీదికి ఉబికి రాకూడదు. సిగ్గేం లేదు, నీ ఒళ్లే. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి చూడమని కొందరు చెప్తారు, అది వద్దు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోతుంది, గర్భంలో మూత్రం ఇన్ఫెక్షన్లు అసలే ఎక్కువ.

బిగించి ఎంతసేపు ఉంచాలంటే, నీకు సాధ్యమైనంతే. నాకు మొదటి రోజు 4 సెకన్లకే జారిపోయింది. అది జారిన సంగతి తెలుసుకోవడానికి ఒక గుర్తు చెప్పింది ఆ అమ్మాయి: వదిలినప్పుడు కిందికి దిగినట్లు స్పష్టంగా తెలియాలి, తెలియలేదంటే నువ్వు లెక్కపెడుతుండగానే కండరం ఎప్పుడో వదిలేసింది, ఆ లెక్క దొంగ లెక్క. కాబట్టి 3 సెకన్లు పట్టగలిగితే 3 సెకన్లే. వదిలాక అంతకంటే తక్కువ కాకుండా విశ్రాంతి, ఆ విశ్రాంతిలో పూర్తిగా వదులు కావాలి. అట్లా 6 సార్లు, తర్వాత ఆగకుండా గబగబా బిగించి వదిలేవి ఓ 10. ఇది ఒక విడత, రోజుకు మూడు విడతలు. పొద్దున లేవకముందు ఒకటి, మధ్యాహ్నం ఆఫీసు కుర్చీలో ఒకటి, రాత్రి పడుకునేటప్పుడు ఒకటి అనుకో. వారానికి ఒక సెకను పెంచుతూ పో, 10 సెకన్లు 10 సార్లు పట్టగలిగే దాకా. వంద సార్లు చేయకు, అలిసిన కండరం పని పక్క కండరాలు ఎత్తుకుంటాయి, అప్పుడు పిరుదులకు వ్యాయామం తప్ప ఇంకేం కాదు.

ఫలితం తెలియడానికి సుమారు 3 నెలలు పడుతుంది, అంటే నీకు ఎనిమిదో నెల వచ్చేసరికి. అసలు లీకేజీ లేనివాళ్లు గర్భం మొదట్లోనే మొదలుపెడితే చివరి నెలల్లో అది వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గినట్లు పరిశోధనల్లో తేలింది, కాన్పు తర్వాతి నెలల్లోనూ ఆ మేలు కొంత ఉంటుంది. నీకు ఇప్పటికే చుక్క పడుతోంది కాబట్టి ఆ లెక్క నీకు అచ్చంగా వర్తించదు, అయినా ఈ బాధకు మొదట చెప్పే వైద్యం ఇదే. మూడు నెలలు ఆగలేను అంటావేమో, ఈ వారమే పనికొచ్చేది ఒకటుంది. తుమ్మో దగ్గో వస్తున్నట్లు తెలియగానే, రాకముందే, ఒక్కసారి గట్టిగా పైకి లాగి పట్టి అప్పుడు తుమ్ము. నీళ్ల క్యాన్ ఎత్తే ముందు, మంచం మీద నుంచి లేచే ముందు కూడా అంతే. మొదట్లో పదిసార్లలో ఏడుసార్లు మరిచిపోతావు, తుమ్మేశాక గుర్తొస్తుంది. మెల్లగా చెయ్యకుండానే అదే వస్తుంది. రేపు పాపనో బాబునో ఎత్తుకునేటప్పుడు రోజుకు యాభై సార్లు దీనితో పనిపడుతుంది.

ఇంకొకటి, నీకు ఐరన్ మాత్రలు ఇచ్చారు కదా, వాటితో విరేచనం గట్టిపడుతుంది. పొద్దున పావుగంట ముక్కితే మూడు విడతల కష్టం అక్కడే పోతుంది. నీళ్లు, ఆకుకూర, జొన్నరొట్టె తిను, వెస్ట్రన్ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకో. అప్పటికీ కాకపోతే డాక్టరమ్మను అడిగి మందు తీసుకో, మాత్రలు మాత్రం నువ్వే మానేయకు.

బిగించడం ఎంత నేర్చుకుంటావో వదలడం కూడా అంతే నేర్చుకో. కాన్పులో బిడ్డ తల దిగేటప్పుడు ఈ కండరం సాగి దారి ఇవ్వాలి. అందుకే ప్రతిసారీ పూర్తిగా వదలమన్నాను. ఎనిమిదో నెల నుంచి రోజూ రెండు నిమిషాలు ఊరికే ఊపిరి పొట్ట దాకా పీలుస్తూ అడుగు భాగం మెత్తగా దిగడం గమనించు. కాన్పయ్యాక ఒకటి రెండు రోజుల్లోనే, గొట్టం పెట్టి ఉంటే తీసి మామూలుగా మూత్రం పోశాక, మెల్లగా మళ్లీ మొదలుపెట్టొచ్చు. కుట్లున్నా నొప్పి రానంత మేరకు చేయొచ్చు. పొట్ట తగ్గాలని మీ పెద్దమ్మ చీర ముక్కతో నడుము గట్టిగా బిగించి కడతానంటుంది, నాకు కట్టింది, నీకు మాత్రం నేను కట్టనివ్వను, పైన అంత బిగిస్తే ఒత్తిడంతా కిందికే కదా.

తుమ్మూ దగ్గూ లేకుండానే నీళ్లు కారుతూ బట్ట తడుస్తుంటే, లేదా రక్తం కనిపిస్తే, అది ఉమ్మనీరో మూత్రమో అని ఇంట్లో ఆలోచిస్తూ కూర్చోకు, వెంటనే ఆస్పత్రికి వెళ్లు. మూత్రంలో మంట ఉంటే పరీక్ష చేయించు. బిగించినప్పుడు నొప్పి వస్తే ఆపేసి డాక్టరమ్మతో చెప్పు, కొందరికి ఈ కండరం వదులు కాకుండా ముందే బిగుసుకుని ఉంటుంది, వాళ్లకు ఇది పడదు. కాన్పయిన మూడు నెలలకు కూడా తడి ఆగకపోతే ఫిజియో దగ్గరికి నేనే తీసుకుపోతా, నాలాగా పదేళ్లు కాదు.

ఆదివారం దాకా రోజూ చేసి, ఫోన్ చేసినప్పుడు ఒక్క ముక్క చెప్పు, వదిలినప్పుడు దిగినట్లు తెలిసిందా లేదా. మీ బాపు పక్కనే ఉంటాడు, అందుకని "తెలిసింది" అను చాలు, నాకు అర్థమవుతుంది.

అమ్మ