రెండు మెసేజ్‌లు వచ్చినంత మాత్రాన రెండుసార్లు బిల్లు పడ్డట్టు కాదు

బిడ్డా,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లు రాత్రి దుకాణం మూసినాక నిదానంగా చూశాను. మిక్సీ 6,499, మెసేజ్‌లు రెండు. మొదటిసారి క్రెడిట్ కార్డు పెడితే మిషన్ తిరిగి తిరిగి ఆగిపోయింది, స్లిప్పు రాలేదు, రెండోసారికి వచ్చింది అన్నావు కదా, ఆ మాటతోనే నాకు సగం అర్థమైంది. దేవరకొండలో మన కౌంటర్ మీద కూడా అట్లాంటి మిషనే ఉంది మరి, సిగ్నల్ సరిగా లేనినాడు ఈ పంచాయితీ వస్తూనే ఉంటుంది.

కార్డు పెట్టగానే పైసలు దుకాణదారు ఖాతాకి పోవు. మిషన్ మీ బ్యాంకుని అడుగుతుంది, బ్యాంకు సరే అని అంత మొత్తం పక్కన పెడుతుంది, దాన్నే హోల్డ్ అంటారు, నీకు మెసేజ్ వచ్చేది అప్పుడే. పైసలు కదిలేది ఆ తర్వాత. రాత్రి దుకాణదారు సెటిల్‌మెంట్ నొక్కితే (కొన్ని మిషన్లు వాటంతట అవే చేసుకుంటాయి) ఆరోజు పాసైన వాటి చిట్టా బ్యాంకుకి పోతుంది, ఆ చిట్టాలో ఉన్నవే నీ బిల్లులోకి ఎక్కుతాయి. నీ విషయంలో మొదటిసారి బ్యాంకు సరే అంది గానీ ఆ జవాబు మిషన్ దాకా రాలేదనిపిస్తోంది. అట్లయితే మిషన్ లెక్కలో అది ఫెయిల్, చిట్టాలో ఉండదు. అడిగేవాళ్లు లేక ఆ హోల్డ్ కొన్ని రోజులకి దానంతట అదే పోతుంది.

ఇది నా ఊహ కాదు, నీ స్క్రీన్‌షాట్‌లోనే ఉంది. నీ లిమిట్ 60,000. బాకీ 14,699 అని చూపిస్తోంది, అందులో పాత బాకీ 8,200, మిక్సీ 6,499. అంటే మిక్సీ ఒక్కసారే ఎక్కింది. 60,000లోంచి 14,699 తీసేస్తే 45,301 వాడుకోవడానికి ఉండాలి, కానీ యాప్‌లో 38,802 ఉంది. తేడా సరిగ్గా 6,499. ఆ తేడానే హోల్డ్. కింద లిస్టులో కూడా ఒక మిక్సీ ఎంట్రీ మామూలుగా ఉంది, రెండోదాని పక్కన ఇంకా పెండింగ్ అనే ఉంది చూడు.

రెండుసార్లు నిజంగా పడితే ఇట్లా ఉండదు. రెండూ పెండింగ్ దాటి ఎక్కుతాయి, బాకీయే 21,198 అవుతుంది, కస్టమర్ కేర్‌ని అడిగితే రెండింటికీ వేర్వేరు ఏఆర్ఎన్ నంబర్లు ఇస్తారు. ఆ నంబర్ 23 అంకెలు ఉంటుంది, సెటిల్ అయినదానికే వస్తుంది, వట్టి హోల్డ్‌కి ఉండదు. మొన్న మన దుకాణంలో మోటారు కొన్న ఒకాయన విషయంలో జరిగింది ఇదే. మా పిల్లగాడు స్లిప్పు వచ్చింది చూసుకోకుండా మళ్లీ కార్డు పెట్టించాడు. రిపోర్టు తీస్తే ఒకే మొత్తం, రెండు ఇన్‌వాయిస్ నంబర్లు, రెండు అప్రూవల్ కోడ్‌లు. ఇంకా సెటిల్‌మెంట్ కాలేదు కాబట్టి అక్కడికక్కడే ఒకటి వాయిడ్ చేశాను, అంటే మిషన్‌లోనే రద్దు చేశాను. సెటిల్ అయ్యాక అయితే వాయిడ్ కుదరదు, రిఫండే వేయాలి, అది కస్టమర్‌కి చేరడానికి రోజులు పడుతుంది.

అందుకే ఇప్పుడే ఆ దుకాణానికి పోయి నా పైసలు ఇయ్యమని కొట్లాట పెట్టుకోకు. వాళ్ల దగ్గరికి రాని పైసలు వాళ్లెట్ల ఇస్తారు? మొహమాటానికి నగదు ఇచ్చినా, తర్వాత హోల్డ్ కూడా పోతే నష్టపోయేది వాళ్లే. కావాలంటే ఆరోజు సెటిల్‌మెంట్ రిపోర్టులో 6,499 ఎన్నిసార్లు ఉందో చూడమను, మర్యాదగా అడిగితే ఎవరైనా చూస్తారు. బ్యాంకులో ఇప్పుడే డిస్ప్యూట్ వేసినా ఇంకా ఎక్కలేదు ఆగమంటారు. మామూలుగా వారం పది రోజుల్లో పోతుంది. అప్పటిదాకా 6,499 మేర లిమిట్ తక్కువ ఉంటుంది, పెద్ద కొనుగోలు పెట్టుకోకు. పెండింగ్‌ది కాస్తా ఎక్కిందనుకో, ఆరోజే బ్యాంకుకి రాతపూర్వకంగా ఒకే కొనుగోలుకి రెండుసార్లు పడిందని ఫిర్యాదు పెట్టి ఒక్క స్లిప్పు, ఒక్క బిల్లు జత చెయ్యి.

తమ్ముడికి కూడా చెప్పు, వాడిది డెబిట్ కార్డు, అక్కడ కథ వేరు. ఖాతాలోంచి పైసలు అప్పుడే కట్ అయినట్టు కనిపిస్తాయి, హోల్డో కాదో తెలియదు. స్లిప్పు రాకుండా కట్ అయితే ఐదు రోజుల్లోపు బ్యాంకే తిరిగి వేయాలని రిజర్వ్ బ్యాంకు 2019లో రూల్ పెట్టింది, దాటితే రోజుకి 100 రూపాయలు అదనంగా ఇవ్వాలి. చాలామందికి తెలియక అడగరు.

ఆ స్లిప్పు మాత్రం ఇవాళే ఫోటో తీసి పెట్టుకో, పర్సులో ఉంటే వేడికి అక్షరాలు పోతాయి. శనివారం యాప్ మళ్లీ చూసి ఆ లిమిట్ అంకె నాకు పంపు.

మీ నాయిన