‘రూల్ అవుట్’ అంటే జబ్బు లేదని కాదు

సంపాదకుడు గారికి,

ఆసుపత్రి డిశ్చార్జి కాగితాన్ని ఫోటో తీసి పంపిస్తే, ఇంగ్లీషు వచ్చిన పిల్లలెవరైనా తెలుగులో చెప్పేస్తారని మీ ఆదివారం పేజీలో రాశారు. ఆలస్యంగా రాస్తున్నాను గానీ, చదివినప్పటి చిరాకు ఇంకా తగ్గలేదు.

మా పెదనాన్న కాగితంలో జబ్బు పేరు దగ్గర ఉన్నది ఇంతే: ఒక ప్రశ్న గుర్తు, పక్కన టీఐఏ, కింద ‘ఆర్/ఓ ఏఎఫ్’. ఇంగ్లీషు మీడియం చదివిన మా తమ్ముడి కొడుకు, ‘చిన్న స్ట్రోక్ వచ్చింది, గుండె లయ తప్పే జబ్బు లేదని తేల్చారు’ అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. రెండూ తప్పే. ప్రశ్న గుర్తు ఉందంటే డాక్టరుది ఇంకా అనుమానమే. టీఐఏ అంటే మెదడుకి కాసేపు రక్తం అందక మాటో చెయ్యో తడబడి, మళ్లీ సర్దుకోవడం. ఆర్/ఓ అంటే ‘రూల్ అవుట్’, ఆ జబ్బు ఉందో లేదో పరీక్ష చేసి తేల్చుకోవాలని. అసలు ఇంకా ఏమీ తేలలేదు.

ఇందులో అంత టెన్షన్ దేనికంటారా? గుండె లయ తప్పే ఆ ఏఎఫ్ ఉంటే గుండెలో కట్టిన రక్తపు గడ్డ మెదడుకి వెళ్లొచ్చు. అప్పుడు ఆయన మింగుతున్న క్లోపిడోగ్రెల్ చాలదు, సాధారణంగా గడ్డకట్టకుండా ఆపే వేరే రకం మందుకి మారుస్తారు. అందుకే చివర్లో ‘వారం తర్వాత హోల్టర్ రిపోర్టుతో రివ్యూ’ అని రాశారు. ఫోటోలో ఆ లైను సగం తెగిపోయింది. జబ్బు లేదన్నారు కదా అని ఇంట్లోవాళ్లు ఒంటికి తగిలించి రోజంతా గుండె లయ చూసే ఆ హోల్టర్ ఊసే ఎత్తలేదు.

ఇన్సులిన్ సంగతి ఇంకో ఘోరం. 10 పక్కన యూనిట్లు అనడానికి చేత్తో రాసిన ‘యూ’ అక్షరం మసక ఫోటోలో అచ్చం సున్నాలా ఉంది. గ్రూపులో 100 యూనిట్లని వచ్చింది. రోజూ 10 వేసే మా పెద్దమ్మ అనుమానపడి ఆగింది కాబట్టి సరిపోయింది. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్, ఈ అక్షరాన్ని రాయకూడనివాటి జాబితాలో 2004లోనే చేర్చింది. మా పెదనాన్న ఆసుపత్రివాళ్లకు ఇంకా తీరిక దొరకలేదు కాబోలు!

బిల్లులో మాత్రం దూది ముక్కకి కూడా పూర్తి పేరు ఉంటుంది. జబ్బు పేరు దగ్గరికొచ్చేసరికే పొదుపు. రికార్డుల విభాగంలో అడిగితే ‘అది డాక్టర్ల భాష’ అన్నారు. ఇంటికెళ్లి మందులు మింగేది డాక్టర్లా? ఆరోగ్య శాఖ అధికారులు తమ కాగితాలైనా ఎప్పుడైనా చదువుకున్నారా?

మళ్లీ ఇలాంటి వ్యాసం వేస్తే ఈ నాలుగు ముక్కలు కూడా వేయండి. ఫోటోలో కాగితం నాలుగు అంచులూ, వెనక పేజీ కూడా రావాలి. అనుమానాన్ని అనుమానంగానే రాయాలి. పొడి అక్షరాల పక్కన అర్థం రాసినా, అసలు అక్షరాలు తీసేయకూడదు. అంకె చదవలేకపోతే ‘చదవలేకపోయాను’ అని రాసి, మందు వేసే ముందే వార్డుకి ఫోన్ చేసి అడగాలి.

— ఒక పాఠకుడు