ఫొటోలో వచ్చిన పేపరు, ఎనిమిదింటిలో ఐదు

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

వానలకు చెన్నైలో బడి మూసిన వారంలో లెక్కల పేపరును ఫొటో తీసి మీ ఫోన్లకు పంపాం. ఎనిమిది ప్రశ్నల్లో ఏవైనా ఐదు రాయాలి, ఒక్కోదానికి ఐదు మార్కులు. జవాబులు దిద్దుతుంటే నాకు బాధేసింది. లెక్క వచ్చిన పిల్లలే ప్రశ్నలు ఎంచుకోవడంలో మార్కులు పోగొట్టుకున్నారు.

‘ఎనిమిదో ప్రశ్న తప్పనిసరి’ అన్న వరుస పైన చిన్న అక్షరాల్లో ఉంది. ఫొటోలో కాగితం మడత సరిగ్గా దాని మీదే పడింది. అది మా పొరపాటు, ఆ ప్రశ్న వదిలేసిన వాళ్లకు మార్కులు తగ్గించలేదు. కానీ మన రాష్ట్ర బోర్డు లెక్కల పేపరు తీరూ ఇదే. రెండు మార్కుల భాగంలో 14లో 10 రాయాలి, వాటిలో 28వ ప్రశ్న తప్పనిసరి. ఐదు మార్కుల భాగంలో 42వది అలాంటిదే. కాబట్టి మన పేపర్లో నిజంగా ఎంచుకోవాల్సింది ఏడింటిలో నాలుగే. పిల్లలు ముందు సూచనలన్నీ చదివి, తప్పనిసరి ప్రశ్న నంబరు చుట్టూ సున్నా చుట్టాలి. ఫొటోలో ఎనిమిది నంబర్లూ కనిపిస్తున్నాయో లేదో అప్పుడే లెక్కపెట్టుకోవాలి.

ఇంకొకటి కాస్త వివరంగా చెప్పాలి. మూడో ప్రశ్నలో 2x² − 7x + 3 = 0 సాధించమన్నాం. ఫొటోలో మైనస్ గీత సరిగా పడక కొందరికి ప్లస్‌లా కనిపించింది. మైనస్ అయితే జవాబులు 3, 1/2. ప్లస్ అయితే −3, −1/2. రెండు రకాలుగానూ చక్కగా కారణాంకాలు వస్తాయి, అందుకే పిల్లలకు అనుమానమే రాలేదు. జవాబు శుభ్రంగా వచ్చింది కదా అని గుర్తు సరిగా చదివామనుకోకూడదు. జూమ్ చేసినా తేలకపోతే టీచర్‌ని అడగాలి. అడిగే వీలు లేకపోతే, ఎంత తేలికైన లెక్కయినా దాన్ని పక్కనపెట్టి స్పష్టంగా కనిపించేదే ఎంచుకోవాలి.

ఐదో ప్రశ్న థేల్స్ సిద్ధాంతం: ప్రవచనం, పటం, నిరూపణ. నిరూపణ చివరి రెండు మెట్లు గుర్తులేవని ఒక పాప దాన్ని వదిలేసి, అసలు పద్ధతే తెలియని ఏడో ప్రశ్న పట్టుకుంది. అందులో ఒక్క మార్కే వచ్చింది. ప్రవచనం, పటం, తెలిసినంత నిరూపణ రాసి ఉంటే కనీసం మూడు వచ్చేవి. మొదటి మెట్టు తేలిగ్గా ఉందా అని కాదు, చివరికి ఎన్ని మార్కులు ఖాయంగా వస్తాయని పిల్లలు చూసుకోవాలి. ప్రతి ప్రశ్న పక్కన పెన్సిల్‌తో ఆ అంకె వేసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

శుక్రవారం వచ్చే సైన్స్ పేపరుకు కాగితాన్ని బల్ల మీద పరిచి, పేజీకో ఫొటో చొప్పున పంపుతాం. ఏ వరుసైనా చదవలేకపోతే, రాయడం మొదలుపెట్టకముందే క్లాస్ టీచర్‌కు ఫోన్ చేయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని